పర్షియన్ పిల్లి, వైజాగ్ ఉక్కపోత: కొనేముందు బొచ్చు సంగతి

ప్రశ్న: మధురవాడలో మూడో అంతస్తు ఫ్లాట్ మాది. ఇద్దరం ఉద్యోగాలకి వెళ్తాం. ఎనిమిదేళ్ల పాప పర్షియన్ పిల్లి కావాలని పట్టుబట్టింది. షాపతను "ట్రిపుల్ కోట్, సెమీ పంచ్, 18,000" అంటున్నాడు. ఏసీ రాత్రిపూటే వేస్తాం. తీసుకోవచ్చా? లేకపోతే ఏ రకం మంచిది, ఏం చూసుకుని తెచ్చుకోవాలి?

సమాధానం:

ఆ కూన వద్దండి. పగలు ఏసీ ఉండదు, ఇంట్లో మనిషి ఉండరు. అలాంటి చోట పొడుగు బొచ్చు, నొక్కుకుపోయిన ముక్కు రెండూ ఉన్న పిల్లి బాధపడుతుంది, దాన్ని చూసి మీరూ బాధపడతారు. పొట్టి బొచ్చు పిల్లిని తెచ్చుకోండి. నన్నడిగితే ఏడాది దాటిన నాటు పిల్లి మీ ఇంటికి అన్నిటికన్నా సరిపోతుంది. పాప మనసు పర్షియన్ మీదే ఉంటే ముక్కు బాగా బయటికి ఉన్న డాల్ ఫేస్ రకం చూడండి. అదీ, రోజూ పావుగంట కూర్చుని దువ్వుతానని ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు గట్టిగా ఒప్పుకున్నాకే.

నేను సీతమ్మధారలో పిల్లులకు గ్రూమింగ్ చేస్తాను. నా బల్ల మీదికి వచ్చేవాటిలో ఎక్కువ పర్షియన్లే. జబ్బుల విషయంలో డాక్టర్ల దగ్గర చూసింది, విన్నది చెప్తాను. బొచ్చు మాత్రం నేను రోజూ చేసే పని కాబట్టి ముందు దాని గురించే వివరంగా చెప్తాను. పిల్లిని ఎంచుకునేటప్పుడు జనం రంగు, కళ్లు చూస్తారు. ఇంటికొచ్చాక రోజూ మనకు పని పెట్టేది బొచ్చు.

"ట్రిపుల్ కోట్" అన్న మాటకి డబ్బు ఇవ్వకండి. పిల్లి ఒంటి మీద మామూలుగా మూడు రకాల వెంట్రుకలుంటాయి. పైన నీళ్లు జారిపోయేలా ఉండే గట్టి వెంట్రుకలు, వాటి కింద మధ్యరకం, చర్మానికి ఆనుకుని మెత్తటి నూగు. మీ అపార్టుమెంటు మెట్ల మీద పడుకునే నాటు పిల్లికీ ఈ మూడూ ఉంటాయి. పర్షియన్‌లో తేడా ఏంటంటే, లోపలి నూగు కూడా పై వెంట్రుకలతో పోటీగా పొడుగు పెరుగుతుంది, చాలా ఒత్తుగా ఉంటుంది, మధ్యరకం వెంట్రుకలు బాగా తగ్గిపోతాయి. ఆ మెత్తటి నూగుకి తనంతట తాను నిలబడే బలం లేదు. పక్క వెంట్రుకకి చుట్టుకుంటుంది, రాలిన వెంట్రుక కూడా కింద పడకుండా అందులోనే చిక్కుకుంటుంది. ఉండ కట్టడం అక్కడే మొదలవుతుంది.

పొడుగు బొచ్చు పిల్లులన్నీ ఒకటి కావు. టర్కిష్ అంగోరాకి బొచ్చు పొడుగే, కానీ లోపలి నూగు తక్కువ, పట్టులా జారుతుంది కాబట్టి చిక్కు తక్కువ. బ్రిటిష్ షార్ట్‌హెయిర్‌ది పొట్టి బొచ్చే, కానీ నూగు దట్టం, వేసవిలో బాగా రాలుస్తుంది. సయామీస్‌కి ఒంటికి అతుక్కుని ఉండే పల్చటి బొచ్చు, నూగు నామమాత్రం. అందుకే ఏ జాతి అన్నదానికన్నా, వేళ్లతో బొచ్చు విడదీసి చర్మం ఎంత తేలిగ్గా కనబడుతుందో చూడండి. ఊదితే చర్మం కనబడేది మన ఊరికి సరిపడే బొచ్చు. రెండు చేతులతో విడదీసినా బూడిదరంగు దూదే కనబడితే అది చల్లని దేశాల బొచ్చు.

ఇంకో విషయం. పొడుగు బొచ్చు జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ, రెండు వైపులా అందితేనే బయటపడుతుంది. పొట్టి బొచ్చు వంశపు నాటు పిల్లికీ పర్షియన్‌కీ పుట్టిన మొదటి తరం కూనలు పొట్టి బొచ్చుతోనే ఉంటాయి. అయితే ఆరు వారాల వయసులో ఏ కూనైనా బొద్దుగా, దూదిలా ఉంటుంది. ఆ వయసులో చూపించి పర్షియన్ అని అమ్మేస్తారు, ఐదో నెలకి బొచ్చు ఒంటికి అతుక్కుపోతుంది. "మోసపోయాం" అని నా దగ్గరికి తెచ్చినవాళ్లకి నేను చెప్పేది ఒకటే, ఆరోగ్యం విషయంలో మీకు మేలే జరిగింది అని. మొదటి తరం కలగలుపు పిల్లికి ముక్కు బయటికే ఉంటుంది, బొచ్చు వారానికి రెండుసార్లు దువ్వితే చాలు. కాకపోతే పర్షియన్ ధర పెట్టి కొనక్కర్లేదు. అసలు ఏది వస్తుందో తెలియాలంటే ఒకటే దారి, తల్లిని చూపించమనండి. తండ్రిని కూడా చూడగలిగితే ఇంకా మంచిది. తల్లిని చూపించలేనన్నవాడి దగ్గర కొనకండి.

ఇక మన ఊరి సంగతి. విశాఖలో ఎండ కన్నా ఉక్క ఎక్కువ బాధ పెడుతుంది. పిల్లికి చెమట పట్టేది అరికాళ్లకే. మిగతా ఒళ్లు చల్లబరుచుకోవడానికి అది బొచ్చు నాక్కుంటుంది, ఆ తడి ఆరితే చల్లబడుతుంది. సముద్రపు గాలిలో తేమ నిండుగా ఉన్నప్పుడు ఆ తడి తొందరగా ఆరదు. నాటు పిల్లి అయితే బాత్రూమ్ గచ్చు మీద పొట్ట ఆనించి పడుకుని సర్దుకుంటుంది. పర్షియన్ పొట్ట కింద దట్టమైన బొచ్చు ఉంటుంది కాబట్టి గచ్చు చల్లదనం కూడా దానికి సరిగ్గా అందదు. పిల్లి నోరు తెరిచి కుక్కలా రొప్పుతోందంటే అది అలవాటు కాదు, ప్రమాదం. వెంటనే చల్లటి గదిలోకి మార్చి, పాదాలు, పొట్ట తడిపి, ఫ్యాను పెట్టి డాక్టర్‌కి ఫోన్ చేయాలి.

ఏసీ పెడతాం కదా అంటారు. 2014 హుద్‌హుద్ తుఫానప్పుడు ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, గుర్తుండే ఉంటుంది. అంత కాకపోయినా మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి మీరిద్దరూ ఆఫీసులో ఉంటే తలుపులు మూసిన ఫ్లాట్ ఎంత వేడెక్కుతుందో ఆలోచించండి. ఏసీ లేకపోతే గడవని జంతువుని తెచ్చుకునేముందు ఇన్వర్టర్ మీద కనీసం ఫ్యాను తిరిగే ఒక గది, మధ్యాహ్నం వచ్చి చూసే మనిషి ఉండాలి.

"గుండు గీయిస్తే సరి కదా" అని చాలామంది అడుగుతారు. బొచ్చు ఎండని కొంత ఆపుతుంది కూడా. పూర్తిగా గీసిన పిల్లి కిటికీ దగ్గర ఎండలో పడుకుంటే చర్మం కాలుతుంది. పర్షియన్‌లో సయామీస్ రంగులుండే హిమాలయన్ రకానికి ఇంకో చిక్కుంది. ముఖం, చెవులు, కాళ్లు, తోక నల్లగా ఉండటానికి కారణం ఒంట్లో చల్లగా ఉండే చోట్లే రంగు పట్టడం. ఒళ్లు గీసి ఏసీ గదిలో ఉంచితే గీసినచోట కొత్త బొచ్చు నల్లగా వస్తుంది. అందుకని నేను పొట్ట, తోక కింద, తొడల లోపలి వైపు మాత్రమే పొట్టిగా కత్తిరిస్తాను. వేసవికి అది చాలు. మొత్తం గీయడం ఉండలు విడదీయడానికి వీల్లేని స్థితికి వచ్చినప్పుడే.

ఆ స్థితి ఎలా వస్తుందో ఒక ఇంటి సంగతి చెప్తాను. ఎంవీపీ కాలనీ నుంచి ఒక కుటుంబం, పరిస్థితి దాదాపు మీలాంటిదే. సంక్రాంతికి నాలుగు నెలల తెల్ల పర్షియన్ కొన్నారు. ఇంటావిడ రోజూ దువ్వేది, నిజంగానే దువ్వేది. కానీ ఆమె వాడింది సన్నటి తీగలుండే మెత్తటి బ్రష్, వీపు మీద. పైన చూస్తే బొచ్చు మెరిసిపోతోంది. లోపల నూగుని ఆ బ్రష్ తాకనే లేదు. ఏప్రిల్‌లో ఇంట్లోనే స్నానం చేయించి తువ్వాలుతో తుడిచి వదిలేశారు. లోపలి నూగు ఒకటిన్నర రోజు తడిగానే ఉండిపోయింది. తడిసి ఆరిన ఉండ బిగుసుకుంటుంది, విడిపోదు. జూన్‌లో నా దగ్గరికి తెచ్చినప్పుడు రెండు చంకల్లోనూ, పొట్ట మీదా, తోక మొదట్లోనూ బొచ్చు కంబళిలా అట్టకట్టి ఉంది. చంకలో ఉండ చర్మాన్ని లాగుతోంది కాబట్టి పిల్లి గెంతడం మానేసింది. వాళ్లు అది బద్ధకం అనుకున్నారు.

అప్పటికే వాళ్లాయన ఒక ఉండని కత్తెరతో కోయబోయాడు, చర్మం తెగింది. పిల్లి చర్మం పల్చన, ఉండతోపాటు పైకి లేచి వస్తుంది, ఎక్కడ బొచ్చు అయిపోయి ఎక్కడ చర్మం మొదలైందో కంటికి తెలియదు. ఉండల దగ్గర కత్తెర ముట్టుకోకండి, క్లిప్పరే వాడాలి, అదీ చర్మానికి సమాంతరంగా. ఆ పిల్లిని రెండు విడతల్లో గీశాను. ఒకేసారి అంతసేపు పట్టి ఉంచితే అది తట్టుకోలేదు. అట్ట లేచాక కింద చర్మం ఎర్రగా, చెమ్మగా, వాసన వేస్తూ ఉంది. చెవి అంచున రూపాయి బిళ్లంత చోట బొచ్చు విరిగిపోయి, పొట్టు రాలుతోంది. అది చూసి వాళ్ల పాప చేతులు చూపించమన్నాను. ముంజేతి మీద గుండ్రంగా ఎర్రటి అంచుతో మచ్చ ఉంది, చెమటకాయ అనుకుని పౌడర్ రాస్తున్నారు.

అది తామర. పిల్లులకు వచ్చే తామరకి ఎక్కువగా కారణం మైక్రోస్పోరమ్ కేనిస్ అనే ఫంగస్. పర్షియన్లలో ఇది మిగతావాటికన్నా ఎక్కువ కనబడుతుంది, మనుషులకి, ముఖ్యంగా పిల్లలకి తొందరగా అంటుకుంటుంది. డాక్టరు చీకటి గదిలో వుడ్స్ లాంప్ వెలుగు పెడితే విరిగిన వెంట్రుకలు లేత ఆకుపచ్చగా మెరిశాయి. మెరవకపోతే తామర లేదని కాదు. అన్నిసార్లూ మెరవదు, అప్పుడు వెంట్రుకలు తీసి, వాటి మీద ఫంగస్ పెరుగుతుందో లేదో చూసే కల్చర్ పరీక్షకి పంపుతారు, ఫలితానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ పిల్లికి ఇట్రకొనజోల్ నోటి మందు, వారానికి రెండుసార్లు లైమ్ సల్ఫర్ నీళ్ల స్నానం రాశారు. కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది, బాగా పనిచేస్తుంది. మనం రాసుకునే తామర మందు పిల్లికి రాయకూడదు, అది నాకేస్తుంది.

మందు కన్నా కష్టమైంది ఇల్లు. రాలిన వెంట్రుకల మీద ఉండే ఫంగస్ బీజాలు ఏడాది పైన కూడా బతికి ఉండగలవు. పిల్లిని గచ్చు నున్నగా ఉన్న ఒక గదికే పరిమితం చేశారు, దుప్పట్లు విడిగా ఉతికారు, రోజూ వాక్యూమ్ పట్టి తడిబట్ట పెట్టారు. పాపకి చర్మం డాక్టరు విడిగా మందిచ్చారు. రెండు కల్చర్లు వరసగా శుభ్రంగా వచ్చాకే పిల్లిని హాల్లోకి వదిలారు. బొచ్చు మళ్లీ పూర్తిగా రావడానికి దసరా దాటింది. ఇప్పుడు ఆ పిల్లి బాగుంది, ఎందుకంటే ఆవిడ దువ్వే పద్ధతి మారింది.

ఆ పద్ధతి ఇది. స్టీలు దువ్వెన కొనండి, ఒక సగం పళ్లు ఎడంగా, ఒక సగం దగ్గరగా ఉండేది. బొచ్చుని పాయలుగా విడదీసి, ఒక చేత్తో మొదలు పట్టుకుని, చివర్ల నుంచి మొదలుపెట్టి లోపలికి రావాలి. చర్మం తగిలేదాకా వచ్చిన దువ్వెన ఎక్కడా ఆగకుండా బయటికి రావాలి. దువ్వెన ఆగిందంటే అక్కడ ఉండ పుడుతోంది. వీపు ఆఖర్న చూసుకోవచ్చు. ముందు చంకలు, చెవుల వెనక, మెడ కింద, పొట్ట, తొడల వెనక, తోక మొదలు. స్నానానికి ముందు దువ్వాలి, స్నానం తర్వాత గోరువెచ్చటి డ్రయ్యర్‌తో వేళ్లు చర్మానికి ఆనించి తడి లేదని తెలిసేదాకా ఆరబెట్టాలి. ఎనిమిదేళ్ల పాప ఈ పనికి తోడుండగలదు కానీ ఆమె మీద వదిలేయలేం. ఉద్యోగం నుంచి ఏడున్నరకి వచ్చి ఇది మొదలుపెట్టగలరా అన్నది మీరే చెప్పుకోవాలి.

ఇప్పుడు "సెమీ పంచ్" సంగతి. మన దగ్గర అమ్మేవాళ్లు ముఖాన్ని డాల్ ఫేస్, సెమీ పంచ్, పంచ్, ఎక్స్‌ట్రీమ్ పంచ్ అంటారు, ముఖం ఎంత చదునైతే ధర అంత ఎక్కువ. ఇక్కడే నాకు చాలా బాధేస్తుంది. ముఖం ఎముక పొట్టయిన కొద్దీ ముక్కు రంధ్రాలు ఇరుకవుతాయి, కంటి నీరు ముక్కులోకి దిగే సన్నటి గొట్టం వంకరపోతుంది. నీరు బయటికి కారి, కళ్ల కింద గోధుమరంగు చార పడి, చర్మం ఒరుసుకుపోతుంది. పళ్లు వరసలో రావు. రొప్పి ఒంటి వేడి దించుకోవాల్సిన సమయానికి గాలి అందదు. పైన చెప్పిన ఉక్కపోత దీనికి తోడైతే ఎలా ఉంటుందో చూడండి. ముఖాన్ని ఎదురుగా కళ్ల ఎత్తులో పెట్టి చూడండి. ముక్కు పై అంచు కంటి కింది రెప్ప కన్నా పైకి ఉంటే ఆ కూన వద్దు. నిద్రపోతున్నప్పుడు చెవి పెట్టి వినండి, గురక, ఈల వినబడకూడదు. చిన్న అద్దం ముక్కు దగ్గర పెడితే రెండు వైపులా సమానంగా ఆవిరి పట్టాలి.

పర్షియన్లలో కంటికి కనబడని జబ్బు ఒకటుంది, మూత్రపిండాల్లో నీటి బుడగలు పెరగడం. డాక్టర్లు పీకేడీ అంటారు. తల్లిదండ్రుల్లో ఒక్కరికున్నా ప్రతి కూనకీ సగానికి సగం అవకాశం. కూన గెంతుతూ బాగానే ఉంటుంది, చాలావాటిలో ఏడేళ్ల వయసు ప్రాంతంలో మూత్రపిండాలు పనిచేయడం తగ్గాకే బయటపడుతుంది. జన్యుపరీక్ష ఏ వయసులోనైనా చేయించవచ్చు. అల్ట్రాసౌండ్‌లో అయితే పది నెలలు దాటాక నమ్మకంగా తెలుస్తుంది. అమ్మేవాడిని తల్లిదండ్రుల పీకేడీ రిపోర్టు అడగండి. ఆ పేరే వినలేదంటే జాతి పేరు చెప్పి అంత డబ్బు అడిగే అర్హత అతనికి లేదని నా అభిప్రాయం. చెవులు ముడుచుకుని ఉండే స్కాటిష్ ఫోల్డ్ చూపించినా వద్దనండి. చెవిని ముడిచే లోపమే కీళ్లని కూడా పాడుచేస్తుంది.

వయసు సంగతి. 2018 పెట్ షాప్ నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని కూనని అమ్మకూడదు. నేనైతే పన్నెండు వారాలు నిండేదాకా తల్లి దగ్గర ఉన్నదాన్నే చూడమంటాను. గట్టిగా కొరకకుండా ఉండటం, గోళ్లు దాచుకోవడం అది తల్లి దగ్గరే నేర్చుకుంటుంది.

ఇక నేను చెప్పిన నాటు పిల్లి. ఫిషింగ్ హార్బర్ వైపు, పూర్ణా మార్కెట్ సందుల్లో తిరిగేవి ఇవే. బొచ్చు పొట్టి, నూగు పల్చన, ముక్కు తిన్నగా ఉంటుంది, ఈ ఉక్కలోనే తరతరాలుగా పుట్టి పెరిగింది. వారానికోసారి దువ్వితే చాలు. ఏడాది దాటిన పిల్లి అయితే దాని స్వభావం మీకు ముందే తెలుస్తుంది. పాప కింద కూర్చుంటే దగ్గరికి వస్తుందా, ఎత్తుకుంటే బిగుసుకుపోతుందా అని ఒక గంట కూర్చుని చూడవచ్చు. విశాఖలో వీఎస్‌పీసీఏ లాంటి జంతు సంరక్షణ సంస్థలు, వీధి పిల్లులను ఇంట్లో పెట్టుకుని సాకే మనుషులు ఉన్నారు, అడిగి చూడండి. రంగు విషయంలో ఒక్క మాట. తెల్ల చెవులు, గులాబి ముక్కు ఉన్న పిల్లికి ఎండ వల్ల చెవి అంచుల్లో క్యాన్సర్ వచ్చే అవకాశం ఉంది. అలాంటిదాన్ని తెచ్చుకుంటే మధ్యాహ్నపు ఎండ పడే బాల్కనీలో వదలకండి, చెవి అంచున మానని పుండు కనబడితే ఆలస్యం చేయకండి.

ఏ పిల్లిని తెచ్చినా ముందు బాల్కనీకి, కిటికీలకి గట్టి జాలీ బిగించండి, మూడో అంతస్తు నుంచి పిల్లులు పడతాయి. తెచ్చిన రోజే పాప మంచం మీదికి ఎక్కించకండి. చెవుల అంచులు, మూతి, పాదాలు, తోక డాక్టర్ చేత చూపించి, తామర లేదని తేలేదాకా ఒక గదిలో ఉంచండి. కూన అయితే ఎనిమిది వారాల నుంచి పదహారు వారాలదాకా మూడు నాలుగు వారాలకోసారి ట్రైక్యాట్ టీకా, పన్నెండు వారాలు దాటాక రేబిస్ టీకా వేయించాలి. పిడుదులో పేలో కనబడితే కుక్కల కోసం అమ్మే చుక్కల మందు మాత్రం వేయకండి. వాటిలో చాలావాటిలో ఉండే పెర్మెత్రిన్ పిల్లికి విషం. పిల్లులకని డబ్బా మీద రాసి ఉన్నదే, దాని బరువు చూసుకుని, డాక్టర్ని అడిగి వేయండి.